రొయ్యల గుంట లెక్కల యాప్: ప్లే స్టోర్‌లో ముందు కనిపించే 80 అక్షరాలు ఎలా రాయాలి

ప్రశ్న: మాది కావలి. రొయ్యల గుంటల లెక్కలకి ఆండ్రాయిడ్ యాప్ చేశాం. మేత, ఖర్చులు, శాంపిల్ కౌంట్ రాస్తే కిలో రొయ్యకి ఎంత మేత పట్టిందో చెప్పే ఎఫ్‌సీఆర్, కిలో ఖర్చు లెక్క కట్టి చూపిస్తుంది. నెట్ లేకపోయినా పనిచేస్తుంది. యాప్ పేరులోనే "రొయ్యల గుంట" ఉంది. ప్లే స్టోర్ పేజీ దాకా వస్తున్నారు గానీ ఇన్‌స్టాల్ చెయ్యకుండా వెళ్లిపోతున్నారు. చిన్న వివరణ: "ఆక్వా రైతుల కోసం అత్యుత్తమ స్మార్ట్ మేనేజ్‌మెంట్ యాప్". పెద్ద వివరణ "మా యాప్‌కు స్వాగతం, ఆక్వా రంగంలో ఆధునిక సాంకేతికతను ప్రతి రైతుకూ అందించాలనే సంకల్పంతో..." అని మొదలై, తర్వాత 18 ఫీచర్ల లిస్టు ఉంటుంది. మొదటి లైన్లు ఎలా మార్చాలి?

సమాధానం:

ముందు మీ యాప్ పేజీని ఒక మామూలు ఫోన్‌లో తెరిచి చూడండి. పైన పేరు, ఐకాన్, ఇన్‌స్టాల్ బటన్, కింద స్క్రీన్‌షాట్లు, ఆ తర్వాత "ఈ యాప్ గురించి" అన్న చోట మీ చిన్న వివరణ ఒక్కటే కనిపిస్తుంది. పెద్ద వివరణ చదవాలంటే పక్కనున్న బాణం గుర్తు నొక్కాలి. అంటే మీ "స్వాగతం" పేరా బాగుందా లేదా అన్నది తర్వాతి సంగతి, వచ్చినవాళ్లలో చాలామంది దాన్ని చూడనే లేదు. వాళ్ల కంటపడే మొదటి లైను 80 అక్షరాల చిన్న వివరణే. పెద్ద వివరణకి 4000 అక్షరాల దాకా చోటుంది. కంప్యూటర్‌లో పేజీ తెరిచినవాళ్లకి దాని మొదటి కొన్ని లైన్లు కనిపిస్తాయి. కాబట్టి ముందు 80 అక్షరాలు, తర్వాత పెద్ద వివరణలో మొదటి రెండు మూడు వాక్యాలు. ఫీచర్ల లిస్టు జోలికి చివర్లో వెళ్లినా నష్టం లేదు.

ఆ 80 అక్షరాల్లో ఏం పెట్టాలో తేలాలంటే మీకు పోటీ ఎవరో తెలియాలి. ఇంకో ఆక్వా యాప్ అనుకుంటారేమో, కాదు. గుంట గట్టు మీద షెడ్డులో మేకుకి వేలాడే నోటు పుస్తకం, ఫోన్‌లో ఉన్న కాలిక్యులేటర్, ఈ రెండే మీ పోటీ. మీ 18 ఫీచర్లనీ ఒక కాగితం మీద రాసి, ఒక్కోదాని పక్కన "ఇది నోటు పుస్తకంలో అవుతుందా?" అని వేసుకుంటూ పోండి. పూటపూటకీ వేసిన మేత రాసుకోవడం అవుతుంది. ఆక్సిజన్, పీహెచ్ రీడింగులు రాసుకోవడమూ అవుతుంది. మేత టైముకి గుర్తు చెయ్యడానికి ఫోన్ అలారం ఉంది. ఫొటోలు దాచుకోవడానికి వాట్సాప్ ఉంది. ఇలా కొట్టేసుకుంటూ పోతే గట్టిగా నిలబడేది ఒక్కటే: ఈ రోజుకి గుంటలో ఉన్న రొయ్య కిలోకి ఎంత ఖర్చు పడిందో అప్పటికప్పుడు చెప్పడం.

ఇది ఎందుకంత బలమైన కారణమో రైతు వైపు నుంచి చూడండి. 50 కౌంట్ వచ్చింది, అంటే కిలోకి 50 రొయ్యలు తూగుతున్నాయి, వ్యాపారి ఒక రేటు చెప్పాడు. ఇప్పుడే పట్టెయ్యాలా, 40 కౌంట్ దాకా ఆగాలా? ఆగితే రేటు పెరుగుతుంది, దాంతోపాటు మేత, కరెంటు, డీజిల్ ఖర్చూ పెరుగుతుంది, ఈలోపు జబ్బు తగిలితే మొత్తానికే మోసం. ఈ నిర్ణయానికి కావాల్సిన అంకె కిలో ఖర్చు. నోటు పుస్తకం ఉన్న రైతు దాన్ని పట్టుబడి అయ్యాక, లారీ వెళ్లిపోయాక కూర్చుని లెక్కేసుకుంటాడు. మీ యాప్ అదే అంకెని ముందే ఇస్తుంది. మీ బలమంతా ఆ "ముందే" అన్నదాంట్లో ఉంది. ఎఫ్‌సీఆర్ కూడా ముఖ్యమే, రైతులకి బాగా తెలిసిన మాటే. కానీ అది కిలో ఖర్చుకి వెళ్లే దారిలో వచ్చే అంకె. దానికి రెండో స్థానం ఇవ్వండి. నెట్ అక్కర్లేదన్నది డౌన్‌లోడ్ చేసుకోవడానికి కారణం కాదు, కానీ "మా గుంట దగ్గర సిగ్నల్ ఉండదు కదా" అన్న అడ్డు తీసేస్తుంది. చోటుంటే చివర్లో పెట్టాలి.

మీరు తేల్చుకున్న కారణం నిజంగా వాడేవాళ్ల కారణమేనా అని ఒకసారి సరిచూసుకోండి. ప్లే కన్సోల్‌లో రివ్యూలన్నీ చదివి, నాలుగైదు నక్షత్రాలిచ్చినవాళ్లు ఏ స్క్రీన్ గురించి రాశారో చూడండి. "బాగుంది" అన్నవి వదిలెయ్యండి, ఫలానా పని అయిందని రాసినవే పనికొస్తాయి. పేజీకి జనం ఏ మాటలు వెతికి వస్తున్నారో కూడా కన్సోల్‌లోనే కనిపిస్తుంది. ఎక్కువమంది మేత లెక్క కోసం వెతికి వస్తుంటే కిలో ఖర్చుకి బదులు మేతని ముందు పెట్టి పరీక్షించాల్సి రావచ్చు. ఇక్కడ మాత్రం కిలో ఖర్చు అనుకునే ముందుకి పోదాం.

ఇప్పుడు రాద్దాం. చాలామంది మొదటి ప్రయత్నం ఇలా ఉంటుంది:

"ఈ రోజు పట్టుబడి చేస్తే కిలోకి ఎంత ఖర్చు పడిందో గుంటవారీగా చూడండి. నెట్ అక్కర్లేదు."

చూడ్డానికి పొట్టిగానే ఉంది గానీ ఇది 82 అక్షరాలు, కన్సోల్ తీసుకోదు. కన్సోల్ లెక్క మన కంటి లెక్క కాదు. గుణింతం గుర్తు, పొల్లు, సున్నా, ఖాళీ, చుక్క అన్నీ విడివిడిగా లెక్కకొస్తాయి. "ఖర్చు" మన కంటికి రెండక్షరాలు, అక్కడ అయిదు: ఖ, ర, పొల్లు, చ, ఉకారం. "పట్టుబడి" ఎనిమిది. ఒత్తులున్న మాట ఎప్పుడూ ఖరీదైనదే. "మేనేజ్‌మెంట్" లాంటి మాటల్లో జ్ పక్కన మ ఒత్తుగా మారకుండా కీబోర్డు పెట్టే కనిపించని గుర్తు కూడా ఒక అక్షరం తినేస్తుంది. కన్సోల్ తెరవకుండానే లెక్క చూసుకోవాలంటే ఇది చాలు:

```
python3 -c "print(len('ఖర్చు'))"
```

5 అని వస్తుంది. ఆ కొటేషన్ల మధ్య మీ లైను పెట్టుకోండి.

రెండక్షరాలు తగ్గించడం పెద్ద పని కాదు. "ఈ రోజు" తీసి "ఇవాళ" పెడితే సరిగ్గా 80కి దిగుతుంది. కానీ ఆ వాక్యంలో అంతకన్నా పెద్ద ఇబ్బంది ఉంది. తెలుగులో అసలు సంగతి వాక్యం చివరికి జారుతుంది. స్క్రోల్ చేస్తూ పోయే కన్ను మొదటి రెండు మూడు మాటలే పట్టుకుంటుంది. ఇక్కడ ఆ మాటలు "ఈ రోజు పట్టుబడి చేస్తే". చేస్తే ఏమిటి? అది తేలేలోపు వేలు కిందికి జరిపేస్తుంది. అందుకే రైతుకి కావాల్సిన అంకెని ముందుకి లాగి, షరతుని వెనక్కి నెట్టాలి:

"కిలోకి ఎంత ఖర్చు పడిందో పట్టుబడికి ముందే గుంటవారీగా చూడండి. నెట్ అక్కర్లేదు."

ఇది 76. పొట్టి అయింది, మొదటి మూడు మాటల్లోనే విషయం వచ్చేసింది. "రొయ్య" అన్న మాట లేదే అనిపించొచ్చు. మీ పేరులో అది ఉంది, పేరు ఎప్పుడూ పైనే కనిపిస్తుంది. పేరుకి ఇచ్చేది 30 అక్షరాలే కాబట్టి అక్కడున్న మాటని ఇక్కడ మళ్లీ చెప్పి చోటు పాడుచేసుకోవద్దు.

అయితే ఈ లైన్లో ఒక ప్రమాదం పొంచి ఉంది. రైతులు రోజూ ఫోన్‌లో వెతికేది కౌంట్ రేట్లు. "కిలోకి ఎంత" అనగానే ఇది రేట్లు చెప్పే యాప్ అనుకోవడానికి అవకాశం ఉంది. అలా అనుకుని దించుకున్నవాడు రేట్లు కనిపించక అదే రోజు తీసేస్తాడు, పోతూ పోతూ ఒక నక్షత్రం పెడతాడు. దీన్ని ముందే పట్టుకోవచ్చు. లైనుని ఫోన్ స్క్రీన్ మీద పెట్టి, కావలిలోనో అల్లూరులోనో మేత షాపు దగ్గర యాప్ గురించి తెలియని అయిదారుగురికి మూడు నాలుగు సెకన్లు చూపించి ఫోన్ వెనక్కి తీసుకోండి. "ఇది ఏం చేస్తుందన్నా?" అని అడగండి, బాగుందా అని మాత్రం అడగొద్దు. బాగుందా అంటే అందరూ బాగుందనే అంటారు. వాళ్లలో ఇద్దరు "రేట్లు చెబుద్ది" అన్నా లైను మార్చాల్సిందే. అప్పుడు "మీ ఖర్చు కిలోకి ఎంత పడిందో" అని మొదలుపెట్టండి. "మీ ఖర్చు" ముందుకొస్తే రేటు అన్న అనుమానం చాలావరకు పోతుంది. దీనికి ఖాళీతో కలిపి మూడక్షరాలు పెరిగి 79 అవుతుంది, ఇంకా లోపలే ఉన్నాం.

ఇక పెద్ద వివరణ. బాణం గుర్తు నొక్కి లోపలికి వచ్చినవాడు సగం ఒప్పుకున్నవాడు. వాడికి స్వాగతం అక్కర్లేదు, మీ సంకల్పమూ అక్కర్లేదు, "ఆ లెక్క ఎట్లా వస్తుంది?" అన్నదానికి జవాబు కావాలి. ఆ జవాబుతోనే మొదలుపెట్టండి:

"రోజూ వేసిన మేత, వారానికోసారి శాంపిల్ కౌంట్, అయిన ఖర్చు రాయండి. ఆ రోజుకి గుంటలో ఉన్న రొయ్య కిలోకి మీకు ఎంత ఖర్చు పడిందో వెంటనే కనిపిస్తుంది.

ఉదాహరణ: 60,000 సీడు వదిలిన గుంట. మీ అంచనా సర్వైవల్ 75 శాతం, శాంపిల్ 50 కౌంట్. అంటే గుంటలో సుమారు 900 కిలోలు. ఇప్పటిదాకా మొత్తం ఖర్చు 2,43,000 రూపాయలు. కిలోకి 270 రూపాయలు పడింది. మేత 1,200 కిలోలు వేసి ఉంటే ఎఫ్‌సీఆర్ 1.33.

వ్యాపారి చెప్పిన రేటు పక్కన ఈ అంకె పెట్టుకుని, ఇప్పుడే పట్టాలో ఇంకో వారం ఆగాలో తేల్చుకోండి."

ఈ అంకెలు ఉత్త ఉదాహరణే. మీ దగ్గర ఈ సీజన్‌లో నిజంగా పడే ఖర్చుకి దగ్గరగా మార్చుకోండి, ఎందుకంటే రైతు మొదట చేసే పని ఈ లెక్క నమ్మేలా ఉందా అని చూడటం. 60,000లో 75 శాతం బతికితే మిగిలే 45,000 రొయ్యల్ని 50 కౌంట్‌తో భాగిస్తే 900 అవుతుందా అని మనసులోనే సరిచూస్తాడు. అంకె ఎక్కడైనా తప్పితే యాప్‌లో లెక్కలూ అంతే అనుకుంటాడు.

దీని కిందే, మూడో నాలుగో పేరాలో, పరిమితి కూడా చెప్పండి. కౌంట్ అంటే వల విసిరి తూచి చూసింది. సర్వైవల్ మాత్రం రైతు అంచనా, యాప్‌కి దాన్ని కనుక్కునే దారి లేదు. పైన చెప్పిన గుంటలోనే నిజానికి 60 శాతమే మిగిలి ఉంటే 36,000 రొయ్యలు, 720 కిలోలు. అదే ఖర్చుకి కిలోకి 337 రూపాయల 50 పైసలు పడుతుంది. 270 అనుకుని వ్యాపారికి సరే అన్నవాడు పట్టుబడి రోజు తెల్లబోతాడు, తిట్టేది మీ యాప్‌నే. "సర్వైవల్ శాతం మీరు వేసేదే, దాన్ని మార్చి చూస్తే కిలో ఖర్చు ఎంత మారుతుందో కనిపిస్తుంది" అని ఒక్క వాక్యం రాస్తే ఇది లోపంలా కాకుండా ఒక సదుపాయంలా కనిపిస్తుంది. యాప్‌లో అలా మార్చి చూసే వీలు లేకపోతే మాత్రం ఆ వాక్యం రాయకుండా, ముందు ఆ వీలు పెట్టండి.

18 ఫీచర్ల లిస్టుని నాలుగైదు చిన్న పేరాలుగా కుదించండి. ఒక ఫీచర్ వేరే మాటలతో వెతికేవాళ్లకి యాప్ దొరకడానికి పనికొస్తే ఉంచండి, లేకపోతే తీసెయ్యండి. ప్లే స్టోర్ వెతుకులాటలో పెద్ద వివరణలోని మాటలు కూడా లెక్కకొస్తాయి. మన నెల్లూరు, ప్రకాశం వైపు గుంట అంటారు, భీమవరం వైపు చెరువు అంటారు. మొదటి లైన్లో గుంట ఉంచి, కింది పేరాల్లో "రొయ్యల చెరువు", "వనామీ" సహజంగా ఒకటి రెండు చోట్ల వచ్చేలా రాయండి. అవే మాటల్ని వరసగా దంచి పెడితే గూగుల్ దాన్ని పాలసీ ఉల్లంఘనగా చూస్తుంది.

"అత్యుత్తమ" తీసెయ్యండి. "నంబర్ 1", "ఉచితం" లాంటివి యాప్ పేరులో పెడితే నేరుగా పాలసీకి విరుద్ధం. చిన్న వివరణలో కూడా అలాంటివి, "ఇప్పుడే డౌన్‌లోడ్ చేయండి" లాంటివి వద్దనే గూగుల్ చెబుతుంది. ఎవరన్నారో తెలియని "ఒక రైతు మాట" లాంటి పొగడ్తలకీ వివరణలో చోటు లేదు. పాలసీ లేకపోయినా సరే, అత్యుత్తమ అన్న మాట వల్ల ఎవరూ ఏదీ దించుకోరు. ఆ తొమ్మిదక్షరాల్లో "పట్టుబడి" పెట్టినా ఒకటి మిగులుతుంది.

ఇంతా చేసి చాలామంది ఒక చోట దెబ్బతింటారు. ఫోన్ భాష తెలుగు పెట్టుకున్నవాళ్లకే తెలుగు పేజీ కనిపిస్తుంది. మన రైతుల్లో చాలామంది తెలుగులోనే మాట్లాడతారు, వాట్సాప్‌లో తెలుగే చదువుతారు, ఫోన్ సెట్టింగు మాత్రం షాపువాడు ఇచ్చినట్టు ఇంగ్లీషులోనే ఉంటుంది. వాళ్లకి మీ ఇంగ్లీషు పేజీ కనిపిస్తుంది, అక్కడ ఇంకా పాత వివరణే ఉంటే ఈ శ్రమంతా వృథా. కన్సోల్‌లో పేజీకి వచ్చినవాళ్లని భాషవారీగా విడదీసి చూడండి. ఇంగ్లీషు వాటా ఎక్కువగా ఉంటే అక్కడ కూడా ఇదే కారణం, తేలిక మాటల్లో:

```
See your cost per kg of shrimp before harvest, pond by pond. Works offline.
```

75 అక్షరాలు. "ఆక్వాకల్చర్ మేనేజ్‌మెంట్ సొల్యూషన్" లాంటి బరువు మాటలు ఇంగ్లీషులో రాసినా ఎవరూ చదవరు.

స్క్రీన్‌షాట్ల గురించి అడగలేదు గానీ చెప్పక తప్పదు. అవి వివరణకన్నా పైన ఉంటాయి. మొదటి స్క్రీన్‌షాట్ లాగిన్ పేజీ అయితే మీ 80 అక్షరాల దాకా ఎవరూ రారు. మొదటిది కిలో ఖర్చు పెద్దగా కనిపించే స్క్రీనే అయి ఉండాలి, అందులో అంకె పెద్ద వివరణలో రాసిన ఉదాహరణదే అయితే ఇంకా మంచిది. 270 అక్కడా ఇక్కడా ఒకటే కనిపిస్తే చదివినవాడికి లెక్క వెంటనే అతుకుతుంది.

మార్చాక పనిచేసిందా లేదా ఎలా తెలుస్తుంది? కన్సోల్‌లో `Store listing experiments` ఉంది. చిన్న, పెద్ద వివరణల్ని పరీక్షించాలంటే అందులో భాషవారీ ప్రయోగమే ఎంచుకోవాలి, మామూలు డిఫాల్ట్ ప్రయోగం బొమ్మలకి మాత్రమే. పాత లైను ఒకటి, కొత్త లైను ఒకటి పెట్టండి. మూడు కొత్తవి దాకా పెట్టొచ్చు గానీ మీ పేజీకి వచ్చేవాళ్లు తక్కువ కాబట్టి వాళ్లని నాలుగు ముక్కలు చేస్తే ఏదీ తేలదు. కొలమానం ఎంచుకోమన్నప్పుడు ఇన్‌స్టాల్ చేసినవాళ్లు కాకుండా, చేసి కనీసం ఒక రోజు ఉంచుకున్నవాళ్ల లెక్క ఎంచుకోండి. రేట్ల యాప్ అనుకుని దించుకున్నవాళ్లు అందులో రాలిపోతారు. స్క్రీన్‌షాట్లని ముందే మార్చేసి, ప్రయోగం నడిచినన్నాళ్లూ వాటిని ముట్టుకోకండి, లేదంటే మార్పు దేనివల్ల వచ్చిందో చెప్పలేరు. పూర్తి వారాల లెక్కన నడపండి, రెండు వైపులా తేడా తేలలేదని కన్సోల్ అంటే ఇంకా నడవనివ్వండి.

జనం మరీ తక్కువై ప్రయోగం ఎప్పటికీ తేలేలా లేకపోతే లైను మార్చేసి ముందు, తర్వాత పోల్చుకోవడమే దారి. కానీ సీజన్ మోసం చేస్తుంది. సీడు వదిలే రోజుల్లో ఇలాంటి యాప్‌ల కోసం వెతకడం దానంతటదే పెరుగుతుంది, గుంటలు ఎండబెట్టినప్పుడు తగ్గుతుంది. అందుకే మొత్తం ఇన్‌స్టాల్‌లు కాకుండా, పేజీకి వచ్చినవాళ్లలో ఎంత శాతం దించుకున్నారన్నదే చూడండి. అది కూడా పంటలో ఒకే దశలో ఉన్న రెండు కాలాల మధ్య పోల్చాలి. సీడు వదిలే నెలని పట్టుబడి నెలతో పోలిస్తే వచ్చే తేడా మీ లైనుది కాదు.

ఐఫోన్ వెర్షన్ తర్వాత చేస్తే అక్కడ పద్ధతి వేరని గుర్తుంచుకోండి. పెద్ద వివరణలో మొదటి రెండు మూడు లైన్లు పేజీ మీదే కనిపిస్తాయి, మిగతాది నొక్కితేనే. యాప్ స్టోర్ వెతుకులాట వివరణలోని మాటల్ని పట్టించుకోదు, దానికి పేరు, 30 అక్షరాల సబ్‌టైటిల్, 100 అక్షరాల కీవర్డ్ డబ్బా ఉన్నాయి. వివరణ మార్చాలంటే కొత్త వెర్షన్ పంపాలి. దానిపైన కనిపించే 170 అక్షరాల ప్రమోషనల్ టెక్స్ట్ మాత్రం ఎప్పుడైనా మార్చుకోవచ్చు, కిలో ఖర్చు లైను అక్కడికి చక్కగా సరిపోతుంది.

కొత్త లైను పెట్టిన మొదటి నెల రివ్యూల్ని రోజూ చూడండి. "రేట్లు రావడం లేదు" అన్నవి కనిపిస్తే "మీ ఖర్చు" లైనుకి మారండి. "లెక్క తప్పు" అన్నవి వస్తే ముందు సర్వైవల్ ఎంత వేశారో వాళ్లనే అడగండి. అది సరిగ్గానే ఉంటే అప్పుడు యాప్‌లో ఎక్కడ తప్పిందో చూసుకోవాలి, వివరణతో పని లేదు.